ఆరు వాయిదాలు... అయిదు వరుసలు

మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్ రాగానే చాలామంది కళ్లు వెళ్లేది చివరి అంకె మీదకే. అది పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు. కానీ ఆ చివరి అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూసుకోకపోతే లాభంలో ఉన్నవాళ్లు కూడా నష్టపోయామనుకుని డబ్బు వెనక్కి తీసేసుకునే ప్రమాదం ఉంది. తెనాలిలో ఓ కుటుంబం సరిగ్గా ఆ అంచుదాకా వెళ్లింది.

ఆమె ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తారు. ఆయన రైసు మిల్లులో లెక్కలు రాసే గుమస్తా. అమ్మాయిది ఇంటర్ అయిపోయింది, ఇంజినీరింగ్‌లో చేరాలి. ఆ ఫీజుకు ఎంతో కొంత అక్కరకొస్తుందని 2025 జనవరి నుంచి నెలకు 5,000 రూపాయల చొప్పున ఓ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టారామె. ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు ఖాతా నుంచి వాయిదా వెళ్లిపోయేలా ఏర్పాటు చేశారు.

జూన్ నెలాఖరు స్టేట్‌మెంట్ జులై మొదటివారంలో మెయిల్‌కి వచ్చింది. ఒక్క పేజీ. చివరి గడిలో 26,933 రూపాయల 30 పైసలు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే, జూన్. ఆరు నెలలు, ముప్ఫైవేలు. అంటే 3,066 రూపాయల 70 పైసలు పోయినట్టే!

‘‘షేర్ల జోలికి వద్దని చెబితే విన్నావా? ఉన్నదైనా తీసేసి బ్యాంకులో వేద్దాం’’ అన్నారాయన.

‘‘ఏవండీ, మార్కెట్ పెరిగిందని టీవీలో చెబుతున్నారు కదా. మరి మనదే ఎందుకు తగ్గింది?’’ అన్నది ఆమె అనుమానం.

అది సరైన అనుమానమే. డబ్బు వెనక్కి తీసుకునే ఫారం నింపే ముందు ఒక్కసారి లెక్క చూద్దామని అమ్మాయి పట్టుబట్టింది. ఆ రాత్రి భోజనాలయ్యాక ముగ్గురూ పాస్‌బుక్, స్టేట్‌మెంట్, క్యాలిక్యులేటర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

ముందు కావలసింది పూర్తి స్టేట్‌మెంట్

ఒక్క పేజీ స్టేట్‌మెంట్‌లో ఫండ్ పేరు, మొత్తం యూనిట్లు, విలువ మాత్రమే ఉంటాయి. ఏ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయన్నది అందులో కనిపించదు. దాన్ని సమ్మరీ అంటారు. లెక్క సరిచూడాలంటే డీటెయిల్డ్ స్టేట్‌మెంట్ కావాలి.

మన దేశంలో మ్యూచువల్ ఫండ్ల ఖాతాల లెక్కలు ప్రధానంగా రెండు రిజిస్ట్రార్ సంస్థల దగ్గర ఉంటాయి. ఒకటి చెన్నైలోని క్యామ్స్, రెండోది హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్. ఈ రెండిటిలో దేని వెబ్‌సైట్‌కి వెళ్లినా, ఫండ్ ఖాతాలో ఇచ్చిన మెయిల్ ఐడీతో అన్ని ఫండ్ల స్టేట్‌మెంట్‌నూ కలిపి తెప్పించుకోవచ్చు. అడిగేటప్పుడు సమ్మరీ కాకుండా డీటెయిల్డ్ అన్నది ఎంచుకోవాలి. సిప్ మొదలైన రోజు నుంచి ఈరోజు వరకూ తేదీలు ఇవ్వాలి. ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్ కూడా అడిగినవాళ్లే పెట్టుకుంటారు. కాసేపట్లో మెయిల్ వస్తుంది.

అమ్మాయి అలాగే తెప్పించింది. ఈసారి వచ్చిన కాగితంలో ఒక్కో వాయిదాకీ ఒక్కో వరుస ఉంది. తేదీ, మొత్తం, యూనిట్లు, ధర, అప్పటివరకూ పోగైన యూనిట్లు. ధర అన్న చోట ఉన్నదే ఎన్‌ఏవీ, అంటే ఆరోజు ఒక్కో యూనిట్ విలువ. లెక్క తేలిగ్గా సాగేందుకు ఎన్‌ఏవీలను ఇక్కడ ఉదాహరణగా రెండు దశాంశాలకు కుదించి ఇవ్వడమైంది. అసలు స్టేట్‌మెంట్లలో చాలావరకు నాలుగు దశాంశాలుంటాయి.

జనవరి 6: ఎన్‌ఏవీ 236.20, యూనిట్లు 21.167, నిల్వ 21.167
ఫిబ్రవరి 6: ఎన్‌ఏవీ 236.10, యూనిట్లు 21.176, నిల్వ 42.343
ఏప్రిల్ 7: ఎన్‌ఏవీ 221.60, యూనిట్లు 22.562, నిల్వ 64.905
మే 5: ఎన్‌ఏవీ 244.70, యూనిట్లు 20.432, నిల్వ 85.337
జూన్ 5: ఎన్‌ఏవీ 247.50, యూనిట్లు 20.201, నిల్వ 105.538

ఈ పట్టికలో ఉన్న అసలు సంగతి చాలామందికి ఇప్పటికే కనిపించి ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ముగ్గురికీ అది వెంటనే కనబడలేదు. ఎందుకంటే వాళ్లు మొదటి వరుసలోనే ఆగిపోయారు.

వెయ్యోవంతు యూనిట్ ఎక్కడికి పోయింది?

మిల్లు లెక్కలు రాసే చెయ్యి కదా, ఆయన క్యాలిక్యులేటర్ అందుకున్నారు. ఏప్రిల్ వరుస తీసుకుని 5,000ని 221.60తో భాగించారు. 22.563 వచ్చింది. స్టేట్‌మెంట్‌లో 22.562 ఉంది. ‘‘చూశావా, ఇక్కడే కోస్తున్నారు’’ అన్నారు.

అది మోసం కాదు, స్టాంపు డ్యూటీ. 2020 జులై 1 నుంచి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్నప్పుడల్లా 0.005 శాతం స్టాంపు డ్యూటీ పడుతోంది. లక్ష రూపాయలకు 5 రూపాయలన్నమాట. అయిదువేల వాయిదాకు పావలా. ఆ పావలా పోను మిగిలిన 4,999 రూపాయల 75 పైసలతోనే యూనిట్లు కొంటారు. స్టేట్‌మెంట్‌లో వాయిదా వరుస కింద స్టాంపు డ్యూటీ అని 0.25 విడిగా కనిపించేది అదే.

కాబట్టి లెక్క ఇలా వేయాలి. వాయిదాలోంచి స్టాంపు డ్యూటీ తీసేసి, మిగిలినదాన్ని ఆరోజు ఎన్‌ఏవీతో భాగించాలి. 4,999.75ని 221.60తో భాగిస్తే 22.562. స్టేట్‌మెంట్‌లో ఉన్నది అదే. యూనిట్లను మూడు దశాంశాల వరకే రాస్తారు కనుక చివరి అంకెలో ఒకటి అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. రెండో దశాంశంలోనే తేడా వస్తుంటే మాత్రం ఎన్‌ఏవీగానీ మొత్తంగానీ తప్పుగా తీసుకున్నారని అర్థం. 2020 జులైకి ముందు కట్టిన వాయిదాలకు ఈ పావలా కోత లేదు. పాత సిప్‌లు ఉన్నవాళ్లు ఆ వరుసలకు పూర్తి మొత్తాన్నే భాగించుకోవాలి.

ఎన్‌ఏవీ ఏ రోజుది?

యూనిట్ల భాగహారం కుదిరింది. మరి ఆ ఎన్‌ఏవీ నిజమైనదేనా? ఇది సరిచూడటానికి మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ వెబ్‌సైట్‌లో పాత తేదీల ఎన్‌ఏవీలన్నీ దొరుకుతాయి. ఫండ్ పేరు, తేదీ ఇస్తే చాలు.

అమ్మాయి చూసింది. ఒక్క తేదీ కూడా కలవలేదు! ప్రతి తేదీకీ సైట్‌లో ఉన్న ఎన్‌ఏవీ స్టేట్‌మెంట్‌లోని దానికంటే ఏడెనిమిది రూపాయలు ఎక్కువే ఉంది. ఎన్‌ఏవీ ఎక్కువైతే యూనిట్లు తక్కువ రావాలి. ఇక్కడేమో తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు ఇచ్చినట్టుంది. తమకు లాభమయ్యేలా ఎవరైనా మోసం చేస్తారా?

చిక్కు ఎక్కడుందంటే, ఒకే ఫండ్‌కు ఒకే ఎన్‌ఏవీ ఉండదు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌లోనూ రెండు ప్లాన్లు ఉంటున్నాయి. ఏజెంటు లేకుండా నేరుగా కొనేది డైరెక్ట్, ఏజెంటు ద్వారా కొనేది రెగ్యులర్. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ ఖర్చు రోజురోజుకీ ఫండ్ నుంచే పోతుంది కనుక దాని ఎన్‌ఏవీ డైరెక్ట్ కంటే తక్కువ ఉంటుంది. వీటిలో మళ్లీ గ్రోత్ వేరు, డివిడెండు ఇచ్చేది వేరు. డివిడెండు ఇచ్చినప్పుడల్లా దాని ఎన్‌ఏవీ ఆ మేరకు తగ్గుతుంది. ఈ డివిడెండు రకాన్నే 2021 ఏప్రిల్ నుంచి ఐడీసీడబ్ల్యూ అంటున్నారు.

ఆమె కొన్నది తెలిసిన ఏజెంటు ద్వారా, రెగ్యులర్ గ్రోత్. అమ్మాయి చూసింది డైరెక్ట్ గ్రోత్. ఇలాంటప్పుడు పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. అన్ని వరుసల్లోనూ తేడా ఒకే దిక్కున, దాదాపు ఒకేలా ఉంటే తప్పు స్టేట్‌మెంట్‌ది కాదు, మీరు చూస్తున్న పట్టికది. ఒక్క వరుసలోనే తేడా ఉంటే అప్పుడు ఆ తేదీ సంగతి చూడాలి.

సరైన పట్టిక తెరిచాక జనవరి, ఏప్రిల్, మే, జూన్ నాలుగూ కలిశాయి. ఫిబ్రవరి ఒక్కటే మొరాయించింది. పాస్‌బుక్‌లో డబ్బు కోసింది ఫిబ్రవరి 5న. ఆరోజు ఎన్‌ఏవీ 237.00. స్టేట్‌మెంట్‌లో తేదీ 6, ఎన్‌ఏవీ 236.10.

ఇక్కడ తెలుసుకోవాల్సిన నియమం ఒకటుంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి సెబీ పెట్టిన పద్ధతి ప్రకారం, మన ఖాతాలో డబ్బు కోసిన రోజు ఎన్‌ఏవీ కాదు, ఆ డబ్బు ఫండ్ ఖాతాలోకి చేరి వాడుకోవడానికి సిద్ధమైన రోజు ఎన్‌ఏవీ వర్తిస్తుంది. షేర్లలో పెట్టే ఫండ్లకు మధ్యాహ్నం 3 గంటల లోపు చేరితే ఆరోజుది, ఆ తర్వాత చేరితే మరుసటి పనిదినానిది. మన బ్యాంకు నుంచి బయల్దేరిన డబ్బు ఫండ్ బ్యాంకుకు చేరడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక రోజూ పట్టొచ్చు. ఫిబ్రవరి వాయిదా మర్నాడు చేరింది.

ఇందులో నష్టపోయారా? లేదు. 5వ తేదీ ధరకైతే 21.096 యూనిట్లు వచ్చేవి. 6న తగ్గిన ధరకు 21.176 వచ్చాయి. అన్నిసార్లూ ఇలా కలిసిరాదు. ఏప్రిల్ వాయిదానే చూడండి. 5వ తేదీ శనివారం, 6 ఆదివారం శ్రీరామనవమి. వాయిదా సోమవారం 7న వెళ్లింది. ఆరోజు సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడింది. డబ్బు అదేరోజు ఫండ్‌కు చేరడంతో 221.60కే యూనిట్లు దొరికాయి. మర్నాడు మార్కెట్ కోలుకుని ఎన్‌ఏవీ 225.30 అయింది. డబ్బు ఒక్కరోజు ఆలస్యమై ఉంటే వచ్చేవి 22.192 యూనిట్లే. జూన్ నెలాఖరు ధరతో చూస్తే ఆ తేడా విలువ దాదాపు 94 రూపాయలు.

ఒకరోజు ఆలస్యం మామూలే. సెలవుల్లేకుండా వరుసగా మూడు నాలుగు పనిదినాలు తేడా కనిపిస్తే మాత్రం డబ్బు ఏ రోజు చేరిందో రాతపూర్వకంగా చెప్పమని ఫండ్ సంస్థను అడగాలి. జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి 21 రోజుల్లోగా బదులివ్వాలి.

ఆ గుమస్తా పట్టిన తప్పు

అన్నీ కలిశాయి. అయినా మొత్తం ఎందుకు తక్కువగా ఉంది? ఆయన మిల్లులో రోజూ చేసే పనే ఇక్కడా చేశారు. పాస్‌బుక్‌లో ఒక్కో వాయిదాకీ, స్టేట్‌మెంట్‌లో దాని జోడీకీ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టడం మొదలుపెట్టారు. జనవరికి టిక్కు. ఫిబ్రవరికి టిక్కు. మార్చి దగ్గర పెన్ను ఆగింది. స్టేట్‌మెంట్‌లో మార్చి వరుసే లేదు.

‘‘మార్చి వాయిదా మింగేశారే!’’ అన్నారు గట్టిగా.

‘‘నాన్నా, ముందు పాస్‌బుక్ చూడు’’ అంది అమ్మాయి.

పాస్‌బుక్‌లో మార్చి 5న 5,000 కోత కూడా లేదు. దాని బదులు 6వ తేదీన ఏసీహెచ్ రిటర్న్ చార్జీ అని 295 రూపాయలు పోయాయి. దానికి పైన 4వ తేదీన బీమా ప్రీమియం కోత. అది పోయాక ఖాతాలో మిగిలింది 4,640 రూపాయలు. మర్నాడు సిప్ వాయిదా కోసం బ్యాంకు తలుపు తట్టినప్పుడు 360 రూపాయలు తక్కువై వాయిదా వెనక్కి పోయింది. వెనక్కి పంపినందుకు బ్యాంకు 250 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 45 రూపాయలు వసూలు చేసింది.

ఆమెకు ఆ 295 గుర్తుంది. ఏదో ఏటీఎం చార్జీ అనుకుని వదిలేశారు. మరి వాయిదా విఫలమైందని ఫండ్ నుంచి ఎస్సెమ్మెస్ రాలేదా? పంపే ఉంటారు. ఫండ్ ఖాతాలో ఇచ్చిన ఫోన్ నంబరు ఆయనది, రెండేళ్ల కిందట మానేసిన నంబరు!

ఇక్కడ ఇంకో సంగతి. ఇప్పుడు డబ్బు చేరితేగానీ యూనిట్లు ఇవ్వరు కనుక విఫలమైన వాయిదాకు యూనిట్లు వచ్చే ప్రసక్తే లేదు. 2021కి ముందు చిన్న మొత్తాలకు డబ్బు చేరకముందే యూనిట్లు ఇచ్చి, చెక్కు తిరిగొస్తే రద్దు చేసేవారు. అందుకే పాత స్టేట్‌మెంట్లలో ఒకే మొత్తానికి కలిపిన వరుస ఒకటి, దాని వెంటే తీసేసిన వరుస ఒకటి కనిపిస్తాయి. ఆ జంటను వాయిదాగా లెక్కపెట్టకూడదు.

అసలు లెక్క ఇదీ

జేబులోంచి వెళ్లింది ముప్ఫైవేలు కాదు, పాతికవేలు. వచ్చిన యూనిట్లు 105.538. జూన్ 30 నాటి ఎన్‌ఏవీ 255.20. రెండిటినీ గుణిస్తే 26,933 రూపాయల 30 పైసలు. స్టేట్‌మెంట్‌లో చివరి గడి పైసాతో సహా సరిపోయింది. మూడువేలు పోయాయనుకున్న చోట నిజానికి 1,933 రూపాయల 30 పైసలు లాభం ఉంది.

నిజానికి ఈ సంగతి మొదట వచ్చిన ఒక్క పేజీ కాగితమే చెప్పింది. విలువ పక్కనే పెట్టిన ఖర్చు అని ఇంకో గడి ఉంటుంది. అందులో 24,998.75 అని ఉంది. స్టాంపు డ్యూటీ పోను అయిదు వాయిదాల మొత్తం అదే. ఆరు వాయిదాలు వెళ్లి ఉంటే 29,998.50 ఉండాలి. ఆ గడిని వాయిదా మొత్తంతో భాగించి చూస్తే ఎన్ని వాయిదాలు చేరాయో అక్కడే తేలిపోయేది.

ప్రస్తుత విలువ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది. కొన్న రోజుల ఎన్‌ఏవీలు వరసగా చూసి, జూన్‌లో 247.50కి కొన్నాం, ఇప్పుడు 255.20 ఉంది, అంటే యూనిట్‌కు ఏడు రూపాయలే లాభం అనుకుంటారు. ఒక్కో వాయిదా ఒక్కో ధరకు కొన్నది కనుక చూడాల్సింది సగటు ధర. పెట్టిన 25,000ను మొత్తం యూనిట్లతో భాగిస్తే 236 రూపాయల 88 పైసలు వస్తుంది. ఎన్‌ఏవీ దీనికి పైన ఉన్నంతకాలం లాభం, కిందికి దిగితే నష్టం. ఈ ఒక్క అంకె పాస్‌బుక్ అట్ట మీద రాసిపెట్టుకుంటే రోజూ మార్కెట్ చూసి కంగారు పడక్కర్లేదు. కొత్త వాయిదా చేరినప్పుడల్లా దాన్ని మార్చుకుంటే సరిపోతుంది.

స్టేట్‌మెంట్‌లోని విలువా, మరుసటి వారం ఫోన్‌లో కనిపించే విలువా వేరుగా ఉంటాయి. దానికీ భయపడనక్కర్లేదు. ఎన్‌ఏవీని ప్రతి పనిదినం మార్కెట్ ముగిశాక లెక్కగట్టి రాత్రికి ప్రకటిస్తారు. పగలు చూసేవారికి కనిపించేది అంతకుముందు పనిదినం నాటి విలువే. రెండు చోట్లా యూనిట్ల సంఖ్య ఒక్కటే ఉందా అన్నదే చూడాలి. వాయిదా పడకుండా, డబ్బు తీయకుండా యూనిట్లు మారకూడదు.

శాతం దగ్గర జాగ్రత్త

పాతికవేల మీద 1,933 అంటే 7.7 శాతం. ఆయన వెంటనే దాన్ని బ్యాంకు వడ్డీతో పోల్చి, ‘‘ఇంతేనా, బ్యాంకులోనూ ఇంచుమించు ఇంతే వస్తుందిగా’’ అన్నారు. బ్యాంకు చెప్పేది ఏడాది వడ్డీ. ఇక్కడ పాతికవేలు ఏడాది పాటు ఉండనే లేదు. జనవరి వాయిదా 175 రోజులు ఉంటే జూన్ వాయిదా ఉన్నది 25 రోజులే. అయిదు వాయిదాలూ సగటున 97 రోజులు మాత్రమే ఫండ్‌లో ఉన్నాయి.

ఇలా వేర్వేరు తేదీల్లో పెట్టిన డబ్బుకు ఏడాది లెక్కన ఎంత వచ్చిందో చెప్పేదాన్ని ఎక్స్ఐఆర్ఆర్ అంటారు. స్టేట్‌మెంట్లలోనూ యాప్‌లలోనూ శాతంగా కనిపించేది ఎక్కువగా ఇదే. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే మనమే వేసుకోవచ్చు. మొదటి నిలువు వరుసలో తేదీలు, రెండో దాంట్లో వాయిదాలు మైనస్ గుర్తుతో రాసి, చివర ప్రస్తుత విలువను దాని తేదీతో మామూలుగా రాయాలి. అయిదు వాయిదాలు, ఒక విలువ ఉంటే కింది సూత్రం సరిపోతుంది.

```
=XIRR(B2:B7,A2:A7)
```

ఈ కుటుంబం లెక్కకు వచ్చేది దాదాపు 32 శాతం. ఆ అంకె చూసి ఎగిరి గంతెయ్యకూడదు. మూడు నెలల్లో వచ్చిన పెరుగుదలను ఏడాదికి సాగదీస్తే వచ్చిన అంకె అది. మిగతా తొమ్మిది నెలలూ అలాగే ఉంటాయని దానర్థం కాదు. ఏడాది కూడా నిండని సిప్‌కు ఎన్ని రూపాయలు పెట్టాం, ఇప్పుడెంత ఉంది అన్నవే నమ్మదగిన అంకెలు.

ఆ మార్చి వాయిదా ఖరీదు

పోయిన వాయిదా ఎంత ఖరీదు చేసిందో కూడా అదే రాత్రి లెక్క వేశారు. మార్చి 5న ఎన్‌ఏవీ 223.40. ఆరోజు వాయిదా వెళ్లి ఉంటే 22.380 యూనిట్లు వచ్చేవి. జూన్ 30 నాటికి వాటి విలువ 5,711 రూపాయలు. అంటే 711 రూపాయల లాభం చేజారింది, దానికి తోడు 295 రూపాయల చార్జీ. 360 రూపాయలు తక్కువైనందుకు వెయ్యి రూపాయలు పోయాయి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి తప్పింది. నెలనెలా కట్టే సిప్‌లో వరుసగా మూడు వాయిదాలు విఫలమైతే సిప్ రద్దయిపోతుంది. ఫోన్ నంబరు పాతది కావడంతో ఆ కబురు కూడా ఇంటికి చేరేది కాదు. ఏడాది తర్వాత ఏ ఫీజు కట్టాల్సిన రోజునో తెలిసేది.

డబ్బు వెనక్కి తీసుకునే ఫారాన్ని మడిచి పాస్‌బుక్‌లో పెట్టేశారామె. మర్నాడు ఫండ్ ఖాతాలో తన ఫోన్ నంబరు ఇచ్చారు. సిప్ తేదీని 5 నుంచి 10కి మార్చమని ఏజెంటుకు చెప్పారు. బీమా కోత 4న పడినా, 10 నాటికి కుట్టు డబ్బులు చేతికొస్తాయి.

ఆయన మాత్రం ఓ పాత నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీశారు. పాస్‌బుక్ తేదీ, స్టేట్‌మెంట్ తేదీ, ఎన్‌ఏవీ, యూనిట్లు. మార్చి వరుసలో ఖాళీ వదిలి పక్కన ఎర్ర సిరాతో 295 అని రాశారు. ఇక నెలనెలా టిక్కు పెట్టే పని తనదేనన్నారు.